మొహం మీద కొట్టినట్టు ఉండకూడదు, ఆశ పెట్టినట్టూ ఉండకూడదు: తోటి ఉద్యోగికి "కాదు" అని ఎలా రాయాలి?

కాగితప్పడవ

మా ఆఫీసులో పక్క టీమ్‌లో ఒకాయన ఉన్నారు. వయసులో నాకంటే బాగా పెద్ద, హోదాలో ఇద్దరం ఒకటే. ఆయన నెలనెలా తయారుచేసే అమ్మకాల షీటు పైవాళ్లకి వెళ్లేలోపు లెక్కలు సరిచూసి పెట్టే పని ఎలాగో నా మెడకు చుట్టుకుంది. మొదట వాళ్ల టీమ్‌లో అది చూసే అమ్మాయి సెలవులో ఉందని అడిగారు, చేశాను. ఆ అమ్మాయి తిరిగొచ్చింది, పని మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. మొత్తాలు కలుస్తున్నాయా, ఫార్ములా చివరి వరుసదాకా లాగారా, పోయిన నెల అంకె ఎక్కడైనా అలాగే మిగిలిపోయిందా అని చూసేసరికి 2 గంటలు పడుతుంది. అదీ సరిగ్గా మా టీమ్ నెలాఖరు లెక్కలు ముగించే హడావుడిలో.

ఈ పొద్దున, సోమవారం ఇంకా కుర్చీలో కూర్చోకముందే మెసేజ్: "బాబూ, ఈ నెల షీటు కూడా ఒక్కసారి చూసిపెట్టవా, శుక్రవారం లోపు అయితే చాలు."

నేను రాసుకున్న జవాబు ఇది. ఇంకా పంపలేదు.

"లేదండి, నేను చేయను. అది నా పని కాదు. ఇంతకుముందు చేశానని ప్రతిసారీ నన్నే అడగడం బాగాలేదు. మీ టీమ్‌లో ఎవరితోనైనా చేయించుకోండి."

ఇది పంపితే రేపట్నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోలేం. పోనీ మెత్తగా రాద్దామని కూర్చుంటే "చూస్తానండి, ఈ వారం కొంచెం బిజీ" అని వస్తోంది. అది చదివితే ఆయన శుక్రవారం సాయంత్రం దాకా నిశ్చింతగా కూర్చుంటారు. దీన్ని ఎలా దిద్దాలి?

వెన్నెలవాన

"చేయను", "కుదరదు" లాంటి మాటలు అసలు వాడకండి. "ఈసారి కొంచెం కష్టమండి" అంటే చాలు, మనవాళ్లకి అర్థమైపోతుంది. కారణాలు రెండు మూడు కలిపితే ఇంకా మంచిది, కావాలని తప్పించుకుంటున్నట్టు ఉండదు. నేనైతే ఇలా రాస్తా:

"అయ్యో సారీ అండి, ఈసారి కొంచెం కష్టం. నెలాఖరు కదా, తల ఎత్తే తీరిక లేదు. పైగా ఇంట్లో కూడా పనులున్నాయి, ఒంట్లో కూడా అంతంతమాత్రంగా ఉంది. ఏమనుకోకండి, ప్లీజ్."

సూటిగాచెప్తా

ఇన్ని అయ్యోలు, ఇన్ని ప్లీజులు ఎందుకు? ఆయన మీకు బాసు కాదు, మీరు బాకీ పడలేదు. రాసుకున్నది రాసుకున్నట్టు పంపండి. రెండు రోజులు ముఖం ముడుచుకుంటారు, తర్వాత మామూలే.

రెండోషిఫ్ట్

అడిగేవాడి వైపు నుంచి చెప్తాను. నేను ఒకసారి సెలవు పెట్టుకుని, నా షిఫ్టు తీసుకోమని తోటివాణ్ణి అడిగాను. "చూద్దాంలెండి" అన్నాడు. నాకది సగం ఒప్పుకున్నట్టు వినిపించింది, వాడి లెక్కలో అది కాదని చెప్పడం. ముందురోజు రాత్రి గుర్తుచేస్తే "నేను చేస్తానని అనలేదే" అన్నాడు. నిజమే, అనలేదు. కానీ అప్పటికి ఇంకొకర్ని అడిగే టైము లేదు.

అడిగినవాడికి తెలియాల్సింది ఒక్కటే: ఈ మనిషిని నమ్ముకుని ఉండాలా, వేరే మనిషిని వెతుక్కోవాలా. వెన్నెలవాన గారు రాసిన జవాబు నాకొచ్చి ఉంటే, "పాపం, ఒంట్లో బాగాలేదు, బుధవారం అడుగుదాం" అనుకునేవాణ్ణి. అంత మర్యాదగా రాసినా, నేను మళ్లీ అడుగుతాను.

అడ్డగీత

నాదీ ఇదే బాధ. మా మేనేజరు శుక్రవారం సాయంత్రం పిలిచి శనివారం రమ్మంటాడు. కాదంటే రేటింగులో చూపిస్తాడు. అలాంటివాడికి మెత్తగా ఎలా చెప్పాలి?

పాతకాపు

అడ్డగీత గారూ, అది వేరే కథ. పైవాడికి కాదని చెప్పడంలో భయం, తోటివాడికి చెప్పడంలో మొహమాటం. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. విడిగా ఇంకో చర్చ మొదలుపెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

నిదానం

నేను చేసే ఉద్యోగమే ఇది. కంపెనీ లోపలికీ బయటికీ వెళ్లే జవాబులు దిద్దుతుంటాను, అందులో సగానికి సగం "కాదు" అని చెప్పేవే. కాగితప్పడవ గారి నాలుగు వాక్యాలూ ఒక్కొక్కటిగా చూద్దాం, ఎందుకంటే ఘాటు అన్నిట్లో సమానంగా లేదు.

"లేదండి, నేను చేయను." జవాబు ఇందులోనే ఉంది, మొదట్లోనే ఉంది. అది మంచి విషయం, పోగొట్టుకోవద్దు. చిక్కు "చేయను"తో. చదివేవాడికి అందులో "నాకు ఇష్టం లేదు" అని వినిపిస్తుంది. సరే అని "చేయలేను" అని మారిస్తే ఇంకో చిక్కు. లేను అన్నాక, ఏది అడ్డమో తెలుసుకుని దాన్ని తొలగిద్దామని చూస్తారు: "తొందరేం లేదు, సోమవారం ఇచ్చినా చాలు." "కుదరదు" ఈ రెండిటి మధ్యలో ఉంటుంది. ఎవరి తప్పూ లేనట్టు, పని తనంతట తానే కుదరనట్టు వినిపిస్తుంది, అందుకే మనం అంతగా వాడతాం. ఒక్కసారి అడిగిన పనికైతే అది చాలు. మీది ఒక్కసారి సంగతి కాదు, పాతుకుపోయిన అలవాటు. ఈ నెల కుదరదంటే వచ్చే నెల కుదురుతుందనే అర్థం.

ఇలాంటప్పుడు నేను వాడేది "ఆ పని ఇక నేను తీసుకోవడం లేదండి" అనే వరస. ఇందులో చేతకాదన్న మాట లేదు, ఇష్టం లేదన్న మాట లేదు, నిర్ణయం అయిపోయిందన్న సంగతి మాత్రం ఉంది. చదివినవాడికి ఏది అడ్డమని అడగాలని అనిపించదు.

"అది నా పని కాదు." నిజమే కావచ్చు, కానీ కాగితం మీద ఇది తగువు మొదలుపెట్టే వాక్యం. పైగా ఇన్ని నెలలు చేశాక, ఎవరి పని అన్నది వాదించాల్సిన విషయం అయిపోతుంది. తీసేయండి.

మూడోది, "ప్రతిసారీ నన్నే అడగడం బాగాలేదు." ఇది జవాబు కాదు, ఫిర్యాదు. ఫిర్యాదు చెప్పుకోవాలంటే ఇంకో రోజు, ఇంకో మాటగా చెప్పుకోవచ్చు. ఇందులో కలిపితే ఆయన షీటు సంగతి వదిలేసి ఈ వాక్యానికే జవాబు రాస్తారు.

నాలుగోది ఆజ్ఞ. దాని బదులు మీరు నిజంగా ఇవ్వగలిగినది ఏదైనా, కొలత పెట్టి ఇవ్వండి. "ఏదైనా సాయం కావాలంటే అడగండి" అని మాత్రం వద్దు, ఆయన షీటే పంపిస్తారు. మీరు ఏ వరుసలో ఏం చూస్తారో మీకు తెలుసు. అది ఒక పేజీ రాసిచ్చేయొచ్చు.

అన్నీ కలిపితే:

"నమస్తే అండి. ఈ నెల నుంచి షీటు సరిచూసే పని నేను తీసుకోవడం లేదండి. మా నెలాఖరు లెక్కలు కూడా ఎప్పుడూ ఆ వారంలోనే పడుతున్నాయి. శుక్రవారానికి మీకు ఇబ్బంది రాకూడదని ఇప్పుడే చెప్తున్నాను. నేను ఏమేం సరిచూస్తానో ఒక పేజీ రాసి రేపు మధ్యాహ్నానికి పంపిస్తాను, మీవాళ్లు దాన్ని పట్టుకుని చూసుకోవచ్చు."

సారీ పెట్టలేదు, గమనించారా? ఒకటి పెట్టినా తప్పులేదు. మూడు పెడితే మాత్రం మీరేదో అన్యాయం చేస్తున్నారని మీరే ఒప్పుకున్నట్టు ఉంటుంది.

పాతకాపు

బాగుంది గానీ ఒక కన్నం ఉంది. "ఆ వారంలోనే పడుతున్నాయి" అన్నారు. నేను ఆయన్నైతే "సరే బాబూ, ఇకనుంచి వారం ముందే పంపిస్తా" అంటాను. అప్పుడేం చేస్తారు?

కాగితప్పడవ

సరిగ్గా అదే అంటారు ఆయన. అంటూ నవ్వుతారు కూడా.

సూటిగాచెప్తా

అందుకే కారణం చెప్పొద్దంటున్నా. చెప్పిన ప్రతి కారణం అవతలివాడి చేతికిచ్చిన తాడే. "తీసుకోవడం లేదండి" దగ్గర ఆపేయండి.

నిదానం

పాతకాపు గారు పట్టుకున్నది నిజమే. నేను రాసిన కారణం నెలాఖరు దాటితే కరిగిపోతుంది. "బిజీ" అయితే రెండు రోజుల్లో కరిగేది, ఇది నాలుగు రోజులు ఆగుతుంది, అంతే తేడా.

కానీ కారణమే వద్దనడం ఈయన విషయంలో నాకు నచ్చదు. ఇన్ని నెలలు చేసినవాడు ఉన్నట్టుండి కారణం లేకుండా ఆపేస్తే, అవతలాయన తనే ఒక కారణం ఊహించుకుంటాడు. సాధారణంగా అది "నామీద ఏదో మనసులో పెట్టుకున్నాడు" అనేదే అవుతుంది. కొత్తవాడు మొదటిసారి అడిగితే కారణం లేకపోయినా నడుస్తుంది.

కాగితప్పడవ గారూ, టైము సంగతి పక్కన పెడితే ఈ పని మీ దగ్గర ఉండకూడదనడానికి ఇంకేమైనా ఉందా? ఊహించి చెప్పకండి, నిజంగా ఉన్నదే కావాలి.

కాగితప్పడవ

ఆలోచిస్తే ఒకటుంది. మొత్తాలు కలిశాయా లేదా అన్నది మాత్రమే నేను చెప్పగలను. అసలు అంకె తప్పు పడితే నాకు పట్టుబడదు. ఒక నెల ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కింది. మొత్తాలు చక్కగా కలిశాయి, నేను సరే అన్నాను. తర్వాత వాళ్ల టీమ్ అమ్మాయే చూసి పట్టుకుంది, ఎందుకంటే ఆ కస్టమరు తనకి తెలుసు.

నిదానం

ఇదే కావాల్సింది. వారం ముందు పంపినా, తీరిగ్గా పంపినా ఇది మారదు. పైగా ఆయనకు పనికొచ్చే మాట: సరిచూసేది ఆ బిల్లులు తెలిసినవాళ్లయితేనే ఆయన షీటుకు భరోసా. నెలాఖరు వాక్యం తీసేసి దీన్ని పెట్టండి. రెండూ పెట్టకండి. రెండు కారణాలుంటే మనుషులు బలహీనమైనదాన్నే పట్టుకుని బేరమాడతారు.

"నమస్తే అండి. ఈ నెల నుంచి షీటు సరిచూసే పని నేను తీసుకోవడం లేదండి. మొత్తాలు కలిశాయా అన్నదే నేను చూడగలుగుతున్నాను, బిల్లు రెండుసార్లు ఎక్కితే నాకు తెలియడం లేదు. అది మీ టీమ్‌వాళ్లకే పట్టుబడుతుంది. శుక్రవారానికి మీకు ఇబ్బంది రాకూడదని ఇప్పుడే చెప్తున్నాను. నేను ఏమేం చూస్తానో ఒక పేజీ రాసి రేపు మధ్యాహ్నానికి పంపిస్తాను."

పంపేముందు ఇంకో పని చేయండి. ఆయన రాసిన మెసేజ్ మర్చిపోయి, మీరు రాసినదొక్కటే చదవండి. "వచ్చే నెల ఈయన్ని అడగొచ్చా?" అన్న ప్రశ్నకు జవాబు అందులో దొరకాలి. "ఈసారికి", "ప్రస్తుతానికి", "ఇప్పుడైతే", "వీలైతే" లాంటివి ఎక్కడైనా దూరాయేమో చూడండి. మర్యాద కోసం రాస్తున్నాం అనుకుంటూ మనం పెట్టేవి ఇవే, తలుపు తెరిచిపెట్టేవీ ఇవే. నిజంగా వచ్చే నెల చేసే ఉద్దేశం ఉంటే మాత్రం "ఈ నెల" అనండి, తప్పేం లేదు.

వెన్నెలవాన

ఒక మాట. మీరంతా "కష్టమండి" మీద పడ్డారు గానీ, నేను రోజూ అదే అంటాను, ఎవరూ మళ్లీ అడగరు.

నిదానం

ఎదురుగా ఉండి అంటారా, రాసి పంపుతారా?

వెన్నెలవాన

ఎదురుగానేలెండి. తల అడ్డంగా ఊపి, "కష్..టమండీ" అని సాగదీసి.

నిదానం

అదీ సంగతి. ఆ సాగదీతలోనే కాదన్న మాట ఉంది. మీ మాట ఎదురుగా నూటికి నూరుపాళ్లూ పనిచేస్తుంది. మెసేజ్‌లోకి ఎక్కేసరికి ఆ సాగదీత పోయి "కష్టం" ఒక్కటే మిగులుతుంది, అప్పుడు "కష్టమే గానీ చేస్తాడు" అని చదువుకునేవాళ్లుంటారు.

రెండోషిఫ్ట్

అయితే వెళ్లి ఎదురుగా చెప్పేస్తే పోలా? అంత పెద్దాయనకి మెసేజ్‌లో చెప్పడమే నాకు నచ్చట్లేదు. లేచి వెళ్లి రెండు నిమిషాలు మాట్లాడి, తర్వాత ఇదే మెసేజ్ పంపితే గుర్తుగా ఉంటుంది.

పాతకాపు

ఎదురుగా వెళ్తే ఆయన భుజం మీద చెయ్యి వేసి "ఏంటి బాబూ, మన మధ్యన" అంటారు. ఈయన నోటివెంట "సరేలెండి" అని వచ్చేస్తుంది. మొహమాటం ఉన్నవాడు ముందు రాసి పంపి, తర్వాత వెళ్లి కలవాలి. అప్పటికి మాట ఆయన దగ్గర ఉంటుంది.

రెండోషిఫ్ట్

అది మీ సంగతి కావచ్చు. నాకైతే మెసేజ్ ముందు వస్తే, తర్వాత ఆ మనిషి నవ్వుతూ ఎదురుపడితే ఒళ్లు మండుతుంది.

సూటిగాచెప్తా

ఇంకో ప్రశ్న. ఆ అమ్మాయి పేరు రాసి "ఆమెతో చేయించండి" అంటే అయిపోదా? పని ఆమెదే కదా మొదట్నుంచీ.

నిదానం

ఆమెను అడగకుండా పేరు రాయకండి. మీ "కాదు" తీసుకెళ్లి ఆమె నెత్తిన పెట్టినట్టవుతుంది. వాళ్ల టీమ్‌లో ఎవరు చూడాలన్నది ఆయన తేల్చుకోవాల్సిన విషయం. "మీ టీమ్‌వాళ్లు" దాకా రాసి ఆగితే సరిపోతుంది.

కాగితప్పడవ

పంపేశాను, నిదానం గారు రాసిన రెండోదే. "నమస్తే" ఒక్కటి తీసేశాను, రోజూ మాట్లాడుకునే మనిషికి అది పెడితే ఏదో నోటీసులా అనిపించింది. బదులుగా ఆయన్ని ఎలా పిలుస్తానో అలాగే మొదలుపెట్టాను.

అరగంటకు జవాబు: "అలాగే బాబూ, నువ్వన్నదీ నిజమే. కానీ ఈ ఒక్కసారికి చూసిపెట్టు, వచ్చే నెల నుంచి మావాళ్లు చూసుకుంటారు."

ఇప్పుడేమనాలి? ఒప్పుకోవాలనిపిస్తోంది.

వెన్నెలవాన

చేసేయండి పాపం. వచ్చే నెల నుంచి వద్దని ఒప్పుకున్నారుగా. గెలిచినట్టే.

పాతకాపు

వచ్చే నెల కూడా "ఈ ఒక్కసారికి" వస్తుంది. నేను చూస్తూనే ఉంటా.

నిదానం

ముందు ఒకటి గమనించండి. "మరి ఎప్పటికి ఇస్తావు?" అని రాసుంటే మీ మెసేజ్ ఆయనకు అందలేదని అర్థం. "ఈ ఒక్కసారికి" అన్నారంటే అందింది, ఇప్పుడు బేరం నడుస్తోంది. బేరం వచ్చిందని మెసేజ్ తప్పు రాశామనుకోనక్కర్లేదు.

ఇక జవాబు. చేయాలనిపిస్తే చేయండి, అది మీ ఇష్టం. కానీ ఆ పక్షంలో "ఇదే చివరిది" అని ఇప్పుడే, ఒప్పుకుంటున్న వాక్యంలోనే రాయండి, పని అయ్యాక రాస్తే ఎవరూ చదవరు. చేయకూడదనుకుంటే కొత్త కారణం ఏదీ చెప్పకండి. కొత్తది చెప్పారంటే మొదటిది ఉత్తదని తేలిపోతుంది. అదే మాట, ఇంకా చిన్నగా:

"ఈ నెల కూడా తీసుకోవడం లేదండి. పేజీ రేపు మధ్యాహ్నానికి మీ దగ్గరుంటుంది. చదివాక మీవాళ్లకి అర్థం కానిదేమైనా ఉంటే బుధవారం 15 నిమిషాలు కూర్చుని చూపిస్తాను."

15 నిమిషాలు అని రాయడం ముఖ్యం. అది లేకపోతే ఆ కూర్చోవడంలోనే షీటు మొత్తం మీచేత చూపించేస్తారు.

సూటిగాచెప్తా

ఇది నాకూ నచ్చింది. మొదటి వాక్యం నేను రాసినట్టే ఉంది.

కాగితప్పడవ

పంపాను. బొటనవేలు గుర్తు ఒక్కటి పెట్టి ఊరుకున్నారు. కోపమొచ్చిందంటారా? "ఏమనుకోకండి" అని ఇంకో మెసేజ్ పెట్టనా?

రెండోషిఫ్ట్

వద్దు. నేను ఆ గుర్తు పెట్టానంటే, పక్కన ఇంకొకర్ని వెతుకుతున్నానని అర్థం. అప్పుడు ఇంకో మెసేజ్ వస్తే మనసు మార్చుకున్నారేమోనని ఆశ పుడుతుంది.

నిదానం

అవును, ఆపండి. కోపమొచ్చే ఉండొచ్చు కూడా. ఎంత బాగా రాసినా కొంత చేదు ఉంటుంది, ఆ పూట ఆయన్ని అలా ఉండనివ్వాలి. మీరు చేయాల్సిందల్లా రేపు మధ్యాహ్నం అన్న పేజీని రేపు మధ్యాహ్నమే పంపడం. అది ఆలస్యమైతే ఇంత జాగ్రత్తగా రాసిందంతా తప్పించుకోవడానికి రాసినట్టు కనిపిస్తుంది.

కాగితప్పడవ

మర్నాడు మధ్యాహ్నం. పేజీ పంపాను. జవాబు ఆయన దగ్గర్నుంచి కాదు, ఆ అమ్మాయి దగ్గర్నుంచి వచ్చింది: పోయిన నెల అంకె మిగిలిపోయిందో లేదో ఎలా కనిపెడతారని. చెప్పాను. ఆయన మాత్రం లిఫ్టు దగ్గర కనిపించి తల ఊపి వెళ్లిపోయారు, ఎప్పుడూ ఆగి రెండు మాటలు మాట్లాడేవారు.

రెండోషిఫ్ట్

అందుకే ముందు వెళ్లి చెప్పమన్నాను.

పాతకాపు

ముందు వెళ్లి ఉంటే ఈపాటికి షీటు తెరుచుకుని కూర్చునేవాడు.